మొదటి లిప్‌స్టిక్ కోసం డబ్బు దాచుకునే అమ్మాయి కథ ఎలా రాయాలి

ఈ కథ రాసి తెచ్చేవాళ్లు చాలామంది అడిగేది ఒకటే. అమ్మాయి ఉంది, ఆశ ఉంది, పాకెట్ మనీ ఉంది, చివర్లో లిప్‌స్టిక్ కొనుక్కుంది కూడా. మరి చదివినవాళ్లు "బాగుంది" అని పక్కన పెట్టేస్తున్నారెందుకు?

అలాంటి కథల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఒక వాక్యం దొరుకుతుంది: "అలా కొంచెం కొంచెంగా దాచి, చివరికి సరిపడా డబ్బు కూడబెట్టింది." కథంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. రాసినవాళ్లు దాన్ని దాటేసి, మిగతా నాలుగు పేజీల్లో అమ్మాయి ఎంత ఆశపడిందో చెప్పారు. ఆశ అందరికీ ఉంటుంది. ఎన్ని వారాలు పట్టింది, ఏ వారం డబ్బా ఖాళీ అయింది, ఎవరి చెయ్యి అందులో పడింది అన్నది మాత్రం ఈ అమ్మాయి ఒక్కదానిదే. కాబట్టి కథని అక్కడి నుంచే కట్టుకుంటూ వద్దాం.

కావలసినవి

- లెక్క వేసుకోవడానికి ఒక తెల్ల కాగితం. ఇది కథలోకి రాదు, మీ దగ్గరే ఉంటుంది.
- ఒక నిజమైన లిప్‌స్టిక్, వీలైతే కొత్తది. లేకపోతే ఇంట్లో ఎవరిదైనా అడిగి తీసుకోండి. ఫొటో చూసి రాస్తే కుదరదు, ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.
- అమ్మాయి వయసు, కచ్చితంగా ఒక అంకె. ఇక్కడ 14 అనుకుందాం. పదకొండేళ్ల పిల్ల ఆడుకోవడానికి కొంటుంది, పదిహేడేళ్ల అమ్మాయి ఎవరినీ అడగకుండా కొంటుంది. పద్నాలుగేళ్ల దానికి అడగాలో అక్కర్లేదో తెలియదు. కథకి ఆ తెలియకపోవడమే కావాలి.
- అమ్మాయి కాక ఇంకొక్క ముఖ్యమైన మనిషి. ఇక్కడ అమ్మ.
- 1200 నుంచి 1500 మాటల జాగా. అంతకు మించితే వారాలు లెక్కపెట్టే పని పాఠకుడి మీద పడుతుంది.

1. కథకి ముందు లెక్క రాయండి

ధర, వారానికి చేతికొచ్చేది, అందులో దాచగలిగేది. ఈ మూడూ అంకెల్లో ఉండాలి. మీ కథ ఎక్కడ జరిగితే అక్కడి డబ్బు పేరు తగిలించుకోండి, ఇక్కడ ఉట్టి అంకెలతో చూపిస్తాను.

లిప్‌స్టిక్ ధర 180. వారానికి 20 వస్తుంది. 5 ఖర్చయిపోతుంది, 15 దాస్తుంది. అంటే 12 వారాలు. అమ్మాయి మొదటి రోజే నోట్‌బుక్ వెనక పేజీలో 12 గళ్లు గీసుకుంటుంది. ఇక మీ పని ఆ 12ని చెడగొట్టడం:

- 1–4 వారాలు: వారానికి 15 చొప్పున 60.
- 5వ వారం: స్నేహితురాలి పుట్టినరోజు. ఆ వారం 20 మొత్తం పోయింది, డబ్బాలోంచి ఇంకో 10 తీసింది. మిగిలింది 50.
- 6–8 వారాలు: మళ్లీ 15 చొప్పున, 95.
- 9వ వారం: 15 వేస్తే 110 కావాలి. ఉన్నది 80. ఎవరో 30 తీశారు.
- 10, 11 వారాలు: 110.
- 12వ వారం: తన 15తో 125 కావాలి. ఉన్నది 155. ఎవరో 30 పెట్టారు.
- 13వ వారం 170, 14వ వారం 185. కొన్నాక 5 మిగిలింది.

గీసుకున్నవి 12 గళ్లు, పట్టింది 14 వారాలు. పేజీ అడుగున ఇరికించి గీసిన ఆ రెండు గళ్లనీ కథలో తప్పకుండా చూపించండి. అమ్మాయి ఎంత ఓర్చుకుందో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, నష్టాన్ని మరీ పెద్దది చేయడం. డబ్బా మొత్తం దొంగలపాలైతేనో, ఇంట్లో జబ్బు చేసి అంతా ఇచ్చేస్తేనో కథ త్యాగం వైపు మళ్లిపోతుంది, లిప్‌స్టిక్ దాని వెనక ఎక్కడో కనబడకుండా పోతుంది. నష్టం రెండు వారాల దాపుడుకి మించకుండా చూసుకోండి. 30 అంటే సరిగ్గా రెండు వారాలే. కోపం రావడానికి చాలు, ఏడవడానికి చాలదు.

2. ఆ లెక్కలోంచి మూడు వారాలే తీసుకోండి

పద్నాలుగు వారాలూ రాస్తే అది ఖాతా పుస్తకం అవుతుంది. మూడు సన్నివేశాలు చాలు. 5వ వారంలో అమ్మాయి తన డబ్బు తనే తీసుకుంది. 9వ వారంలో ఇంకొకరు తీశారు. 12వ వారంలో పెట్టేశారు. మిగతావన్నీ గళ్లలో వేసిన టిక్కులుగా ఒక్కో వాక్యంలో వెళ్లిపోవచ్చు.

5వ వారాన్ని వదిలేయకండి. అది లేకపోతే 9వ వారంలో అమ్మాయి కోపం ఏకపక్షంగా మిగిలిపోతుంది. "అడక్కుండా తీస్తారా" అని ఉడుక్కునే పిల్ల, నాలుగు వారాల కిందట తన డబ్బాలో తనే చెయ్యి పెట్టింది. ఆ పోలిక మీరు నోరు విప్పి చెప్పకూడదు. రెండు చోట్లా డబ్బా మూత తీసేటప్పుడు చేసే ఒకే చప్పుడు రాయండి, సరిపోతుంది.

పుట్టినరోజు బదులు ఇంకేదైనా పెట్టుకోవచ్చు. అది అమ్మాయి ఇష్టపడి పెట్టిన ఖర్చు అయితే చాలు. తప్పనిసరి ఖర్చు, అంటే స్కూలు రుసుము లాంటిది పెడితే ఆ సన్నివేశానికి పని ఉండదు.

3. లిప్‌స్టిక్‌ని చేతిలోకి తీసుకుని చూడండి

ఫొటో చాలదన్నది ఇందుకే. ఈ కథ ముగింపు లిప్‌స్టిక్ ఆకారంలోనే దొరుకుతుంది.

మూత లాగండి. టప్పుమని ఊడుతుంది. అడుగు భాగం తిప్పితే రంగు కడ్డీ పైకి వస్తుంది. కొత్తదానికి కొస ఏటవాలుగా, చెక్కినట్టు ఉంటుంది, పైన సన్నటి మెరుపు కూడా ఉంటుంది. మైనాలూ నూనెలూ రంగూ కలిపి కరిగించి అచ్చులో పోసి తీస్తారు కాబట్టి ఆ నునుపు. ఒక్కసారి పెదవికి రాస్తే, తాకిన మేర ఆ మెరుపు పోతుంది. నాలుగు రోజులు వాడితే అంచు గుండ్రబడుతుంది. రాసుకునే తీరుని బట్టి ఒకరిది చదునుగా, ఒకరిది మధ్యలో పల్లంగా, ఒకరిది ఇంకా మొనదేలి అరుగుతుంది. కడ్డీని కిందికి తిప్పకుండా మూత పెడితే కొస నలిగి మూత లోపల అంటుకుంటుంది. అడుగున చిన్న కాగితం మీద షేడ్ పేరో నంబరో ఉంటుంది. ఎండలో ఉంచితే మెత్తబడుతుంది, ఒక్కోసారి పైన నూనె చుక్కలు చెమటలా పోస్తాయి.

ఇవన్నీ కథలో కుక్కకండి. రెండే ఎంచుకోండి. ఒకటి ముగింపుకి పనికొచ్చేది, ఒకటి అమ్మాయి చేతికి తగిలేది. మన కథలో ముగింపుకి ఆ ఏటవాలు కొస, చేతికి మూత చప్పుడు.

రంగు పేరు దగ్గర జాగ్రత్త. "గులాబీ రంగు లిప్‌స్టిక్" అని రాస్తే ఎవరి కళ్లకీ ఏదీ కనబడదు. అమ్మాయి ఆ రంగుని ఇంతకుముందు ఎక్కడ చూసిందో దాంతో చెప్పించండి: తడిసిన ఇటుక రంగు, స్కూల్ బ్యాగ్ జిప్ దగ్గర వెలిసిన ఎరుపు. ఆ పోలిక పద్నాలుగేళ్ల పిల్ల లోకంలోది అయి ఉండాలి, మీ లోకంలోది కాదు.

4. కొట్టు సన్నివేశాన్ని కథ మొదట్లోనే పెట్టండి

ముగింపులో వాడుకోబోయే కొసని పాఠకుడు ఇక్కడే ఒకసారి చూడాలి. చూసిన సంగతి మరిచిపోయేంత మామూలుగా చూడాలి. ఇలా:

> కౌంటర్ వెనక ఆమె టెస్టర్ మూత తీసి ఇచ్చింది. దాని కొస ఎప్పుడో అరిగిపోయింది. మధ్యలో చిన్న పల్లం పడింది.
>
> "కొత్తది కూడా ఇలాగే ఉంటుందా అక్కా?"
>
> "కొత్తదానికి మొన ఉంటుందమ్మా. రాసుకుంటే పోతుంది. పెదాలకి పెట్టకు, అందరూ ముట్టుకున్నది. వేలి కొస మీద చూసుకో."
>
> వేలి మీద రాసుకుంది. ధర అడగలేదు, అద్దాల అరలోంచి ముందే చదివేసింది. అడుగున కాగితం మీద నంబరు 27. మెట్లు దిగేదాకా నోట్లోనే అనుకుంటూ దిగింది.

ఇందులో అమ్మాయి ఆశపడిందని ఎక్కడా లేదు. నంబరు కంఠస్థం చేసుకుంటోంది, అంతే. కొట్టు ఆమె మాట కూడా చూడండి. టెస్టర్‌ని పెదాలకి పెట్టొద్దని నిజంగా చెప్పే మాటే అది, వేలి కొస రంగు అరచేతి వెనక కన్నా పెదవికి దగ్గరగా ఉంటుందనీ తెలిసిన మనిషి. మొన గురించిన కబురు అలాంటి పనిమాటల మధ్య జారిపోవాలి. దాన్ని విడిగా ఒక పేరాలో పెడితే పాఠకుడు అక్కడే ముగింపు పసిగట్టేస్తాడు.

5. డబ్బా సన్నివేశాల్లో మాటలు వద్దు

చాలామంది ఇక్కడే అమ్మకీ కూతురికీ పెద్ద గొడవ పెడతారు. "నా డబ్బు ఎందుకు తీశావు?" "ఈ వయసులో నీకు లిప్‌స్టిక్ ఎందుకే?" గొడవ మొదలైందంటే అమ్మ పాత పాత్రలోకి వెళ్లిపోతుంది, అమ్మాయి ఉపన్యాసం అందుకుంటుంది, కథ అక్కడితో సరి. తీసిన సంగతి అమ్మ చెప్పదు, తెలిసిన సంగతి అమ్మాయి అడగదు. మధ్యలో డబ్బా ఒక్కటే మాట్లాడాలి.

12వ వారం ఇలా రాయొచ్చు:

> నాణేలన్నీ మంచం మీద బోర్లించింది. పదులు ఒక వరుస, ఐదులు ఒక వరుస. పుస్తకంలో 125. మంచం మీద 155. మళ్లీ లెక్కపెట్టింది.
>
> డబ్బా అడుగున ఇంకా ఏదో అంటుకుని ఉంటే వేలితో లాగింది. కాదు, అది తుప్పు. ఎక్కువ వచ్చినవి నాణేలు కావు. రెండు నోట్లు, ఒకదాంట్లో ఒకటి పెట్టి నాలుగు మడతలు వేసినవి.
>
> తను ఎప్పుడూ నోట్లు వేయలేదు.

ఆ నాలుగు మడతలు ఎవరివో పాఠకుడికి తెలియాలంటే, అంతకుముందు ఒకచోట అమ్మ సరుకులకి డబ్బు తీస్తూ అలాగే మడిచిన నోటు విప్పడం కనబడాలి. ఒక్క వాక్యం చాలు. 9వ వారానికి ముందే పెట్టండి. తర్వాత పెడితే సాక్ష్యం తెచ్చి చూపించినట్టుంటుంది.

అమ్మ ఎందుకు తీసిందో చెప్పాలా? అక్కర్లేదు, కాని మీకు తెలిసుండాలి. నెలాఖరు చిల్లర కొరత అనుకోండి. అప్పుడు 9వ వారం నెలాఖరులో, 12వ వారం తర్వాతి నెలలో పడేలా తేదీలు సర్దుకోండి. చూసుకునే పాఠకుడికి అది దొరుకుతుంది.

6. కొనే సన్నివేశం చిన్నదిగా

పెద్ద సన్నివేశం ఇదేననిపిస్తుంది, కాదు. ఐదారు వాక్యాల్లో ముగించండి. రెండు పనులు మాత్రం జరగాలి.

మొదటిది, చెల్లింపు. నాణేలు కౌంటర్ మీద పోస్తే ఆమె లెక్కపెట్టాలి, వెనక నిలబడ్డవాళ్లు ఆగాలి. మడతల నోట్లని అమ్మాయి అన్నిటికన్నా ఆఖర్న ఇస్తుంది. ఎందుకని అడగకండి, ఇచ్చినట్టు రాయండి.

రెండోది, కొట్టులోనే మూత తీసి చూడటం. మొన ఉంది. ఏటవాలుగా, మెరుస్తూ, ఎవరూ ముట్టనిదిగా ఉంది. ఇది ఎగిరిపోతే ముగింపు కూలిపోతుంది.

7. ముగింపు

వచ్చిన రాతప్రతుల్లో మూడు రకాల ముగింపులు ఎక్కువ. అద్దం ముందు రాసుకుని "తను పెద్దదైపోయింది" అనుకోవడం మొదటిది. ఆఖరి నిమిషంలో డబ్బు ఇంకెవరికో ఇచ్చేసి ఖాళీ చేతులతో రావడం రెండోది. రంగు తనకి నప్పలేదని తెలిసి "అసలు అందం మనసులో ఉంది" అనడం మూడోది. మూడూ పాఠకుడు ముందే ఊహిస్తాడు. రెండోదీ మూడోదీ అయితే, లిప్‌స్టిక్ కోరుకున్నందుకు ఆ పిల్లకి శిక్ష వేసినట్టే ఉంటాయి. పద్నాలుగు వారాలు ఆగిన పిల్లని అలా చేయకండి.

మీరు ఇప్పటిదాకా కట్టుకున్న సామాను చూడండి. ఒక డబ్బా ఉంది, అమ్మ చెప్పకుండా అందులోంచి తీసి, చెప్పకుండా పెట్టింది. ఒక మొన ఉంది, రాసుకుంటే పోతుంది. రెండూ కలిపితే చాలు:

> రాసుకుంటే మొన పోతుందని మూడు రోజులు రాసుకోలేదు. రోజూ పొద్దున బట్టల కింద నుంచి తీసి, మూత లాగి, తిప్పి చూసి మళ్లీ పెట్టేసేది.
>
> నాలుగో రోజు తిప్పితే, ఏటవాలు అంచుకి ఒక పక్క గోరంత మేర మెరుపు లేదు. వేలితో తాకింది. నున్నగా అరిగి ఉంది.
>
> "ఇంకా తెమల్లేదా?" వంటింట్లోంచి అమ్మ.
>
> "వస్తున్నానమ్మా."
>
> అరిగిన పక్కనే, అదే మేర, పెదవికి ఆనించి ఒక్కసారి రాసింది. కిందికి తిప్పింది. మూత పెట్టి, దొరికే చోటే పెట్టింది.

"దొరికే చోటే" దగ్గర ఆగిపోండి. అమ్మ పెదవి మీద రంగు కనబడటం, ఇద్దరూ చూసుకుని నవ్వుకోవడం లాంటివి రాయాలని చెయ్యి లాగుతుంది. రాస్తే పాఠకుడు చేయాల్సిన పని మీరు చేసేసినట్టే.

అమ్మ బదులు అక్క, నాన్నమ్మ, పిన్ని ఎవరైనా ఉండొచ్చు. డబ్బా దగ్గరా లిప్‌స్టిక్ దగ్గరా పడే చెయ్యి ఒకటే అయితే చాలు. చెల్లెలిని మాత్రం పెట్టకండి. చిన్నపిల్ల ముట్టుకుంటే అల్లరి అవుతుంది, డబ్బు తిరిగి పెట్టడం కూడా పొసగదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

*లెక్క పరీక్ష.* కథలో వచ్చే అంకెలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి, మొదటి మెట్టు లెక్కతో పోల్చండి. తిరగరాసేటప్పుడు ఒక వారం జారిపోవడం చాలా మామూలు. 155 ఉండాల్సిన చోట 150 పడితే పాఠకుడు అమ్మని వదిలేసి మీ కూడికని పట్టుకుంటాడు.

*మార్చి చూడటం.* లిప్‌స్టిక్ అన్న చోటల్లా "వాచీ" అని పెట్టి చదవండి. కథ ఇంకా నడుస్తుంటే, మీ కథలో లిప్‌స్టిక్ లేదు, దాని పేరే ఉంది. మూడో మెట్టుకి వెనక్కి వెళ్లండి. వాచీ ఒకరు పెట్టుకున్నా గుర్తు మిగలదు. లిప్‌స్టిక్‌కి మిగులుతుంది.

*ఒక్క ప్రశ్న.* కథ తెలియని ఒకరికి చదవమని ఇచ్చి, బాగుందా అని అడక్కుండా, "మొన ఎవరు అరగదీశారు?" అని అడగండి. వెంటనే "అమ్మ" అంటే పని అయింది. "కొట్టువాళ్లు వాడినది అంటగట్టారా?" అంటే ఆరో మెట్టులో మూత తీసి చూసిన వాక్యం బలంగా పడలేదు, దాన్ని సన్నివేశం చివరికి మార్చండి. "అమ్మాయే మరిచిపోయి రాసుకుందా?" అంటే ఆ మూడు రోజుల పేరా తొందరగా పోయింది, ఇంకో వాక్యం ఇవ్వండి. "అమ్మేనని డబ్బా దగ్గరే తెలిసిపోయింది" అంటే మాత్రం నోటు మడతల వాక్యం డబ్బా సన్నివేశానికి మరీ ఆనుకుని ఉంది, దాన్ని ఇంకో పేజీ ముందుకి జరపండి.